నేను కొట్టేసిన నాలుగు లైన్లు

గ్లాస్గోలో పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో అక్కడి తెలుగు పిల్లలు నన్ను వెనకాల కత్తెర అక్క అనేవాళ్ళట. తెలిసినా తెలియనట్టే ఉండేదాన్ని గానీ, లోపల మాత్రం భలే సంతోషంగా ఉండేది. ఎమ్మెస్సీ చేయడానికి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఏడెనిమిది పేజీల సీవీ ఉండేది. ఇక్కడి స్కాలర్‌షిప్పులేమో రెండు పేజీలకు మించితే మూడో పేజీ చదవబోమని ముందే చెప్పేసేవి. అంతకు రెండేళ్ళ ముందు నేను అలాంటి స్కాలర్‌షిప్పే తెచ్చుకున్నాను. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు మా ఫ్లాట్ వంటగదిలో ఎవరో ఒకరు ప్రింటు పట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను ఎర్ర పెన్ను తీసేదాన్ని.

మనవాళ్ళ సీవీలు ఎలా ఉండేవో చూడనివాళ్ళకు చెప్పాలి. మొదటి పేజీలో పాస్‌పోర్టు ఫొటో, తండ్రి పేరు, పుట్టినతేదీ, పెళ్ళయిందా లేదా, పాస్‌పోర్టు నంబరు. తర్వాత జీవితాశయం ఒక పేరా. టెన్త్ మార్కులు, ఇంటర్ మార్కులు, ఎంట్రన్స్ ర్యాంకు, అన్నీ గీతలు గీసిన పట్టికలో. హాజరైన సెమినార్లు ఇరవై, అందులో సగం భోజనానికి వెళ్ళినవి. రక్తదాన శిబిరం, వ్యాసరచన పోటీలో ద్వితీయ బహుమతి. చివర పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఒక ప్రమాణం, స్థలం, తేదీ, సంతకం. కోర్టులో వేసే అఫిడవిట్టుకి కూడా అంత హంగు ఉండదు.

నాకు ముక్కుమీద కోపం. ఆ సీవీలు చూస్తే అది ఇంకా పైకెక్కేది. దీన్ని పెళ్ళిసంబంధాలకి పంపిస్తున్నావా అని ఒకబ్బాయిని అడిగాను. వాడు నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు తలచుకుంటే, ఆ పిల్లలు చిన్నప్పటినుంచీ ఎవరో ఒకరికి తమని తాము రుజువు చేసుకుంటూనే పెరిగారు, ఒక్క కాగితాన్నీ వదులుకోవడం వాళ్ళకి తెలియదు. అప్పుడు అంత ఆలోచించలేదు. కొట్టెయ్యడంలో ఒక మజా ఉంటుంది, ఆ మజాలో ఉన్నాను.

మా ఫ్లాట్‌లో నా పక్కగదిలో ఒక అమ్మాయి ఉండేది. శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. పర్యావరణ ఆరోగ్యంలో ఎమ్మెస్సీ చేస్తోంది. శనివారాలు ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్ళకి అన్నం పెట్టే పనికి వెళ్ళేది. నన్ను మొదటిరోజునుంచీ అక్కా అనేది, మీరు అనేది. నేను బయటినుంచి రాగానే నా తడి గొడుగు బాత్‌టబ్‌లో ఆరేసి పెట్టేది. నేను ఏమన్నా అంటే తల దించుకుని అలాగేనక్కా అనేది తప్ప ఎదురు చెప్పడం ఎరగదు. అలాంటి మనిషి పక్కన ఉంటే ఎవరికైనా నేను గొప్పదాన్నన్న భ్రమ కలుగుతుంది, నాకూ కలిగింది.

ఒక అలవాటు మాత్రం నాకు వింతగా ఉండేది. కొళాయి తిప్పి కాసేపు నీళ్ళు వదిలేది, గ్లాసులో పట్టి వాసన చూసి, అప్పుడు తాగేది. స్కాట్లాండ్ నీళ్ళు, వాన నీళ్ళు, ప్రపంచంలో ఇంతకన్నా మంచినీళ్ళు దొరకవు. ఇదేమన్నా మీ ఊరి బోరా అని ఏడిపించేదాన్ని. నవ్వేసి ఊరుకునేది. వాళ్ళ అమ్మ లేదని నాకు తెలుసు. ఎలా పోయిందని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

అవి చదువయ్యాక రెండేళ్ళు ఉండి పనిచేసుకునే వీసా తీసేసిన తర్వాతి సంవత్సరాలు. కోర్సు అయిపోతే నాలుగు నెలల్లో మూట సర్దుకోవాల్సిందే. ఇంతలో మా యూనివర్సిటీలోనే ఒక పీహెచ్‌డీ స్కాలర్‌షిప్పు పడింది. తాగునీటిలోని లోహాలు, వాటివల్ల మనుషుల ఆరోగ్యానికి వచ్చే చేటు. విదేశీ విద్యార్థుల ఫీజు కూడా వాళ్ళే కట్టే స్కాలర్‌షిప్పులు చాలా అరుదు, ఇది అలాంటిది. ఉన్నది ఒక్కటే సీటు. ఆ ప్రకటన ప్రింటు తీసి తను తలగడ కింద పెట్టుకుందంటే నమ్మండి. దుప్పటి మడతపెడుతుంటే నేను చూశాను. నేను చూసినందుకు తను సిగ్గుపడి, నీళ్ళ పనే చెయ్యాలని ఉందక్కా అంది. ఇంకెప్పుడూ ఏదీ కావాలని నా దగ్గర తను అనలేదు.

మొదటి వడపోత సీవీ మీదే. దానితోపాటు పరిశోధన ప్రశ్న గురించి ఒక పేజీ రాయాలి, అందులో సొంత కథలు రాయొద్దని స్పష్టంగా ఉంది. సిఫార్సు లేఖలు ఆ వడపోత దాటినవాళ్ళకే తెప్పిస్తారు. అంటే మనిషంతా ఆ రెండు పేజీల్లోనే కనపడాలి.

సోమవారం మధ్యాహ్నానికి గడువు. ఆదివారం భోజనాలయ్యాక ఏడు పేజీలూ పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. బయట వాన, కిటికీ అద్దం మీద ఆవిరి. తను అప్పటికే గురువారం యూనివర్సిటీ కెరీర్స్ ఆఫీసుకు వెళ్ళి వచ్చింది. అక్కడి సలహాదారు, ఒక స్కాటిష్ ఆవిడ, పెన్సిలుతో అక్కడక్కడ గీతలు గీసింది. అయిదో పేజీలో నాలుగు లైన్ల పక్కన మాత్రం ఒక చుక్క పెట్టి, దీన్ని మొదటి పేజీలోకి తెమ్మని రాసింది. ఆ చుక్క నేను చూశాను. చూడలేదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

పని మొదలుపెట్టాను. ఫొటో, తండ్రి పేరు, ఆశయం, ప్రమాణం నిమిషంలో ఎగిరిపోయాయి. టెన్త్, ఇంటర్ కొట్టేశాను. సెమినార్లలో తను మాట్లాడినవి రెండే ఉంచాను. కంప్యూటర్ నైపుణ్యాల్లో ఈమెయిల్ పంపగలనన్నది తీసేశాను. సిఫార్సు చేసేవాళ్ళ పేర్లు ఫారంలో ఎలాగూ ఇస్తాం, అవీ తీసేశాను. ఫాంటు పదకొండుకి తగ్గకూడదు, అంచులు రెండు సెంటీమీటర్లు వదలాలి. దాన్ని దాటి అక్షరాలు చిన్నవి చేస్తే పక్కన పడేస్తారు, నా దగ్గర అలాంటి మోసాలు ఉండవని గొప్పగా చెప్పాను. తను నా పక్కన కూర్చుని నేను చెప్పినట్టల్లా లాప్‌టాప్‌లో తీసేస్తోంది. రెండు గంటలకి ఏడు పేజీలు రెండు పేజీలూ నాలుగు లైన్లు అయ్యాయి.

రెండు పేజీలకు మించిన ఆ నాలుగు లైన్ల మేరకి ఎక్కడ తియ్యాలా అని చూశాను. సీవీలో మూడు పేపర్లు ఉన్నాయి. వాటి సంగతి నాకు బాగా తెలుసు. ఇక్కడికి రాకముందు మన దగ్గర ఒక ఎమ్మెస్సీ చేసేటప్పుడు సార్ చెప్పిన పత్రికకి పంపిస్తే మూడువారాల్లో అచ్చయిపోయే రకం, పేరులో అంతర్జాతీయ అని తప్పకుండా ఉంటుంది. మూడో దాంట్లో తను ఆరుగురిలో నాలుగో పేరు. సార్ అందరి పేర్లూ వేశాడు. ఇంకోపక్క ఆ చుక్క పెట్టిన నాలుగు లైన్లు. ఒప్పంద పద్ధతిపై నమూనాల సేకరణ, పద్నాలుగు నెలలు. ఉద్దానం గ్రామాల్లో ఇంటింటికీ వెళ్ళి తాగునీరు, మూత్రం నమూనాలు తీసుకోవడం. ప్రశ్నాపత్రం నింపడం. ఐస్ పెట్టె, రిజిస్టరు చూసుకోవడం. తను రాసిన మాటలు ఇంతే, ఇంత బీదగానే ఉన్నాయి.

నేను కెమిస్ట్రీ మనిషిని. మా ఊళ్ళో యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో నమూనాలు తెచ్చేది అటెండరు. సైకిలుకి సంచి తగిలించుకుని వెళ్ళి సీసాలు తెచ్చి బల్లమీద పెట్టి పోయేవాడు. మేం తెల్లకోటు వేసుకుని మిషన్‌లో పెట్టేవాళ్ళం. పేపరులో మా పేరు వచ్చేది, అతని పేరు రాదు. అది తప్పని మాలో ఎవరికీ తోచలేదు. ఈ పిల్ల సీవీలో ఆ నాలుగు లైన్లు చూడగానే నాకు ఆ సైకిలు గుర్తొచ్చింది, అయ్యో ఇలాంటివి బయటపెట్టుకుంటారా అనిపించింది. ఆమె పరువు కాపాడుతున్నాననే అనుకున్నాను.

పెన్ను ఆ నాలుగు లైన్ల మీద పెట్టగానే తను నా చెయ్యి వైపు చూసింది.

“అక్కా, ఇది ఉంచీసి ఆ మూడో పేపరు తీసీవచ్చా? దాన్లో నాను చేసింది ఏటీ లేదు.”

పేపరెవరైనా తీసేస్తారా అన్నాను. కెరీర్స్ ఆఫీసు ఆవిడ దీన్నే పైన పెట్టమన్నాదని మెల్లగా గుర్తుచేసింది. నాకు చిర్రెత్తింది. నా కన్నా ఆవిడకి ఎక్కువ తెలుసా అన్న ఉక్రోషం అది, ఇప్పుడు ఒప్పుకోవడానికి ఏం.

“ఆవిడ ఆఫీసులో కూర్చుంటుంది. ప్యానెల్లో కూర్చునేది ప్రొఫెసర్లు. సీసాలు మొయ్యడం రీసెర్చ్ ఎలా అవుతుందమ్మాయ్?”

తను అలాగేనక్కా అంది. ఆ నాలుగు లైన్లని తన వేలితోనే సెలెక్ట్ చేసి తీసేసింది. సీవీ సరిగ్గా రెండో పేజీ అడుగు అంచుకి వచ్చి ఆగింది. చూశావా ఎంత ముచ్చటగా ఉందో అని నేనే మెచ్చుకున్నాను. టీ పెట్టుకుని తాగాం. మర్నాడు పదకొండు గంటలకి పంపించేసింది.

ఇక్కడ నేను చేసిన అసలు పని చెప్పాలి. ఆ స్కాలర్‌షిప్పుకి ఒక మార్గదర్శక పత్రం ఉంది, నాలుగు పేజీలు. అందులో ఫాంటు, అంచులు, గడువు మొదటి పేజీలో ఉన్నాయి. అవి చూసి మూసేశాను. మిగతా మూడు పేజీలూ చదవలేదు. ఇలాంటివి ఎన్ని చూడలేదు అనుకున్నాను. తను చదివిందో లేదో నాకు తెలియదు. చదివే ఉంటుంది. చదివి కూడా, నేను చెప్పానని తీసేసి ఉంటుంది.

జూన్‌లో రాలేదని మెయిలు వచ్చింది. ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్ళలేదు. రెండురోజులు తను గదిలోంచి మామూలుగానే వచ్చి మామూలుగానే వెళ్ళింది. మూడోరోజు ఆ ప్రాజెక్టు నడిపే ప్రొఫెసరుని కలవడానికి అపాయింట్‌మెంట్ తీసుకుంది. వెళ్ళి ఏం చేస్తావు అన్నాను. ఏం తక్కువైందో తెలుసుకుంటే వచ్చేసారి సరిచేసుకోవచ్చు కదక్కా అంది. ఆ ధైర్యం తనకి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

తిరిగొచ్చాక వంటగదిలో నిలబడే చెప్పింది, కోటు కూడా విప్పలేదు. ప్రొఫెసరు చాలా మర్యాదగా మాట్లాడిందట. ల్యాబ్ చదువు బాగుంది, ఎమ్మెస్సీ మార్కులు బాగున్నాయి. కానీ ఈ ప్రాజెక్టులో మొదటి ఏడాది అంతా ఊళ్ళలో తిరిగి ఇళ్ళలోంచి నీళ్ళూ నమూనాలూ సేకరించాలి, మనుషుల చేత తలుపు తీయించాలి. అలాంటి అనుభవం నీకు ఏదీ కనపడలేదు, ఎంపికైన అమ్మాయి రెండు వేసవులు ఆ పని చేసింది అందట. అప్పుడు మా పిల్ల, నేను పద్నాలుగు నెలలు చేశానండీ అని చెప్పిందట. ప్రొఫెసరు కాగితాలు మళ్ళీ తిరగేసి, చాలాసేపు చూసి, ఇందులో లేదే అందట. మా ముందున్న కాగితానికే మేం మార్కులు వెయ్యగలం, నాకు చాలా బాధగా ఉంది అని లేచి తలుపుదాకా వచ్చి సాగనంపిందట.

 పోటీ ఎక్కువగా ఉండి ఉంటుంది, ఇవన్నీ సాకులు చెప్తారు అని ఏదో గొణిగాను. తను నాకేసి చూడలేదు. కొళాయి తిప్పింది, నీళ్ళు వదిలింది, గ్లాసు పట్టి వాసన చూసింది. తాగకుండా అలాగే పట్టుకుని చెప్పింది.

“మా అమ్మ కిడ్నీలు పోయే చచ్చిపోయిందక్కా. మా వీధిలో పదకొండుమంది. తర్వాత ఆ ప్రాజెక్టువాళ్ళొస్తే, బయటోళ్ళకి తలుపులు తీయట్లేదని నన్ను పెట్టుకున్నారు. అందరూ నాకు తీసేవారు. మా అమ్మ కూతురినని.”

 ఆ ఒక్క సంగతి నేను ముందే అడిగి ఉంటే, ఆ నాలుగు లైన్లు పైన పెట్టేదాన్ని, వాటిని పది లైన్లు చేసేదాన్ని. ఎన్ని ఇళ్ళు తిరిగిందో, ఎవరూ తీయని తలుపులు ఎలా తీయించిందో, సీసాల మీద పేర్లు తారుమారు కాకుండా ఎలా చూసుకుందో, మిట్టమధ్యాహ్నం ఎండలో ఐస్ కరగకుండా ఎలా మోసిందో అన్నీ రాయించేదాన్ని. అడగలేదు. ఏడు పేజీల మనిషి నా పక్కన కూర్చుంటే, పేజీలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

తను స్నానానికి వెళ్ళాక నా గదిలోకి పోయి ఆ మార్గదర్శక పత్రం తెరిచాను. మూడో పేజీలో ఉంది. నాలుగు అంశాలకీ సమానంగా మార్కులు వేస్తామని రాశారు. పరిశోధనలో శిక్షణ, విషయ పరిజ్ఞానం, క్షేత్రంలోనో ప్రజల మధ్యనో పనిచేసిన అనుభవం, చెప్పే నేర్పు. సీవీలోని ప్రతి విషయమూ ఈ నాలుగింట్లో ఏదో ఒకదానికి సాక్ష్యంగా ఉండాలని, దేనికీ సాక్ష్యం కానిది తీసెయ్యమని కూడా రాశారు. కొట్టెయ్యడం అంటే అదీ. ముందు వాళ్ళకేం కావాలో చదివి, ఒక్కొక్క లైన్నీ దాని పక్కన పెట్టి చూసి, దేనికీ పనికిరానివి వదిలెయ్యడం. నేను చేసింది అది కాదు. నాకు గొప్పగా అనిపించినవి ఉంచాను, నామోషీగా అనిపించినవి తీశాను. మూడో అంశానికి తనకి సున్నా వచ్చేలా చేసింది నా ఎర్ర పెన్ను.

ఈ మాట తనకి చెప్పాలి కదా. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను, తర్వాత డిసర్టేషన్ అయ్యాక చెబుదాం అనుకున్నాను. చెప్తే తను ఏమంటుందో నాకు తెలుసు, ఫర్వాలేదక్కా అంటుంది. ఆ మాట వినడానికి భయపడ్డాను. ఇంకో రెండుచోట్ల అప్లై చేసింది, వాళ్ళు విదేశీ విద్యార్థుల ఫీజు కట్టమన్నారు. ఆ రెండింటికీ నేను సాయం చెయ్యలేదు, పనుందని తప్పించుకున్నాను. తనే చూసుకుంది.

అక్టోబరులో వెళ్ళిపోయింది. నాలుగంతస్తుల మెట్లూ సూట్‌కేసు నేనే దించాను, తనని పట్టుకోనివ్వలేదు. అదొక్కటే చెయ్యగలిగాను మరి. బస్ స్టేషన్‌లో ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, మీరు లేకపోతే నాకు సీవీ రాయడమే తెలిసేది కాదక్కా అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపు తనకి చేతకాదు. బస్సు వెళ్ళిపోయాక వానలో అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కన ఒక ముసలాయన ఏమైందని అడిగితే, ఫ్రెండ్ వెళ్ళిపోయిందని అబద్ధం లాంటి నిజం చెప్పాను.

తర్వాత నాకు కోవెంట్రీలో ఉద్యోగం వచ్చింది. ఎవరి సీవీలూ దిద్దడం మానేశాను. అడిగితే కెరీర్స్ ఆఫీసుకి వెళ్ళమనేదాన్ని. నాలుగేళ్ళకి మా డిపార్ట్‌మెంట్‌లో ఒక స్కాలర్‌షిప్పు ప్యానెల్లో నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు చూశాను ఆ పని అటువైపునుంచి. ఒక బొత్తి సీవీలు, ఒక మార్కుల పట్టిక. మూడో పేజీ ఉన్నవాటికి ఆఫీసువాళ్ళు ముందే ఆ పేజీ తీసేసి ఇచ్చారు. ఒక్కొక్క అంశానికీ సాక్ష్యం వెతకాలి, కనపడితే మార్కు, లేకపోతే లేదు. ఇక్కడ ఏదో ఉండి ఉంటుందిలే అని ఊహించే హక్కు మాకు లేదు. ఊరూ పేరూ లేని అంతర్జాతీయ పత్రికల్లో పేపర్లు చూసి పక్కన కూర్చున్న ఆయన పెదవి విరిచి పేజీ తిప్పేశాడు. ఒక కుర్రాడి సీవీలో మొదటి పేజీలోనే చేపల రేవులో ఏడాది పనిచేశానని ఉంటే అందరం అక్కడ ఆగాం, రెండుసార్లు చదివాం. ఆ మధ్యాహ్నం భోజనానికి వెళ్ళలేకపోయాను.

అదే ఏడాది ఆ ప్యానెల్లో ఉన్న ఒకాయన ఒక కొత్త ప్రాజెక్టు గురించి చెప్పాడు. ఎండ ప్రాంతాల్లో కిడ్నీ జబ్బులు, నీళ్ళు. అభ్యర్థులు ఎవరైనా తెలుసా అని అడిగాడు.  ఆ ఉద్దానం అమ్మాయి నంబరు వెతికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. విశాఖపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నానని, పెళ్ళయిందని, ఒక పాప అని రాసింది. వెంటనే సీవీ పంపమన్నాను. నీ పని అందులో మొట్టమొదట రావాలి, మిగతాది నేను చూసుకుంటాను అని ఏదేదో రాశాను. ఇన్నాళ్ళకి ఆ తప్పు దిద్దుకుంటానని ఆశ పుట్టింది.

రెండురోజులకి సీవీ పంపింది. నేను నేర్పిన పద్ధతే, అదే ఫాంటు, అవే అంచులు. రెండు పేజీలు. రెండో పేజీ సగం ఖాళీగా ఉంది. అయినా ఆ పద్నాలుగు నెలలు అందులో ఎక్కడా లేవు. పైనుంచి కిందకి మూడుసార్లు చూశాను. ఎంట్రన్స్ ర్యాంకు ఉంది. ఆ మూడో పేపరు ఉంది.

ఫోన్ చేశాను. కాలేజీ విరామంలో ఎత్తింది, వెనక పిల్లల గోల. ఊళ్ళల్లో నమూనాల పని రాయడం మర్చిపోయావా అని అడిగాను. మర్చిపోలేదక్కా అంది. మీరు కొట్టేసిన కాణ్ణించీ దాన్ని ఎక్కడా రాయట్లేదు, ఎవరికీ చెప్పట్లేదు అంది. ఏ బాధా లేకుండా, ఒక లెక్క చెప్పినంత మామూలుగా అంది.

అప్పుడు చెప్పాను. ఆ పత్రం నేను చదవలేదని, ఆ నాలుగు లైన్లు ఉండి ఉంటే నీకు ఇంటర్వ్యూ వచ్చేదని, తప్పంతా నాదని. ఇన్నేళ్ళు దాచానని.  తిడితే బాగుండునని ఎదురుచూశాను. వెంటనే ఆ పని వివరాలన్నీ రాసి పంపు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎన్ని ఊళ్ళు, నీ పైన అధికారిగా ఉన్నాయన ఎవరు, అన్నీ కావాలి అన్నాను.

“ఇప్పుడు కాగితం ఏదీ లేదక్కా. సర్టిఫికెట్టూ, నా రిజిస్టరు కాపీలూ ఇల్లు మారినప్పుడు పారీసినాను. ఉంచుకోడానికి అవేటి అంత పెద్ద పనా అనుకున్నాను.”

క్లాసుకి టైమైందని, సాయంత్రం మాట్లాడతానని ఫోన్ పెట్టేసింది. సాయంత్రం నేనే చేశాను, ఎత్తి పాపకి జ్వరమని చెప్పింది. గడువు శుక్రవారం. ఆలోగా ఆ వివరాలు రాలేదు. ఆ సీవీ అలాగే, ఆ నాలుగు లైన్లు లేకుండానే, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.